ఒక ఉతుకు ఖరీదెంత?

మా పక్కింటి పిన్నిగారు బట్టలుతికే మిషను కొని ఆరునెలలయింది. కొన్ననాడు "ఇక లాండ్రీకి దణ్ణం!" అన్నారు. మొన్న వెళితే బాబాయిగారు చిరాకుగా వున్నారు. "పద్దెనిమిది వేలు పోసి కొన్నాం. అయినా ఇస్త్రీకి నెలకు వెయ్యి పోస్తూనే వున్నాం. ఇంతకంటె లాండ్రీయే నయం కాదుటండీ?" అన్నారు.

కాగితం, కలం తెప్పించి లెక్కకు కూర్చున్నాం.

వారింట్లో వారానికి రెండు ఉతుకులు. అంటే ఏడాదికి సుమారు వంద. మిషను పదేళ్లు పనిచేస్తుందనుకొంటే వెయ్యి ఉతుకులు. కనుక ఉతుకొక్కింటికి మిషను ధర 18 రూపాయలు. పదేళ్లలో రిపేర్లకు ఆరువేలు వేసుకొంటే ఇంకో 6. సబ్బుపొడి 60 గ్రాములు, 7 రూపాయలు. చన్నీటితో ఉతికితే కరెంటు రెండు రూపాయలకు మించదు. వెరసి 33 రూపాయలు. నీళ్లు కుళాయివి కనుక ఖర్చు వేయలేదు. నీళ్లు ట్యాంకరుతో కొనేవారు మాత్రం ఉతుకుకు వంద లీటర్ల ఖరీదు కలుపుకోవాలి.

లాండ్రీలో ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చినందుకు కిలోకు 90 తీసుకొనేవారట. ఒక ఉతుకుకు అయిదు కిలోల బట్టలు, 450 రూపాయలు.

బాబాయిగారు పొరబడింది ఇక్కడే. లాండ్రీ బిల్లులో ఇస్త్రీ కలిసే వున్నది. మిషను లెక్కలో అది విడిగా కనబడుతున్నది. ఆ అయిదు కిలోల్లో ఇస్త్రీ కావలసినవి పదిహేను. ఒక్కొక్కటి 8 రూపాయల చొప్పున 120. దాన్ని 33తో కలిపితే 153. అదీ 450తో పోల్చవలసిన అంకె.

అయితే ఈ లెక్క అందరికీ వర్తించదు. మిషను సగమే నింపి తిప్పితే ఆ 33 రూపాయలు సగం బట్టలకే పడతాయి. పట్టుచీరలు ఎలాగూ బయటికే పోతాయి. ఏడాదికే బదిలీ అయ్యే బ్రహ్మచారి సంగతి మరీ వేరు. అతను అదే మిషను కొని, ఏడాది వాడి సగం ధరకు అమ్మితే నష్టం తొమ్మిది వేలు. వారానికొక ఉతుకు చొప్పున ఏడాదికి 52 కనుక, సబ్బు, కరెంటుతో కలిపి ఉతుకొక్కింటికి 182 పడుతుంది. ఇస్త్రీ లేకుండా కిలోకు 60 తీసుకొనే లాండ్రీలో అతని మూడు కిలోలకు అయ్యేది 180. అతనికి మిషను మోత తప్ప మిగిలేదేమీ లేదు!

బాబాయిగారింట్లో నెలకు ఎనిమిది ఉతుకులు. వెనక 3,600 అయ్యేది. ఇప్పుడు సబ్బు, కరెంటు, ఇస్త్రీ కలిపి చేతినుంచి పోయేది 1,032. ఈ లెక్కన ఏడు నెలలకు మిషను ధర తిరిగి వస్తుంది.

"అంటే వచ్చే నెలకేనన్న మాట!" అని పిన్నిగారు కాఫీ తేవడానికి లేచారు. బాబాయిగారు కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నారు.