త్రీడీ బొమ్మలో రంగే షట్టరుకు వస్తుందా?
ఇంటి యజమానికి ఓ ఇంటీరియర్ డిజైనర్ ఉత్తరం

అమ్మా,

వంటింటి త్రీడీ బొమ్మలు ఇంట్లో అందరికీ నచ్చాయన్నారు, సంతోషం. "అచ్చం ఇలాగే చేసేయండి, ఇదే ఫైనల్" అని మీరు వాట్సాప్‌లో పెట్టారు. ఆ మాట మీద నేను సామాను తెప్పించేయవచ్చు. కానీ అంతకు ముందే మీకొక విషయం వివరంగా చెప్పాలి. బొమ్మలో మీరు చూసింది వంటింటి ఊహ మాత్రమే. షట్టర్లకు అంటించబోయే లామినేట్‌ను మీరింకా చూడలేదు.

ఆ బొమ్మ ఎలా తయారైందో చెబుతాను. మీ వంటిల్లు 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. ఆ కొలతలతోనే కంప్యూటర్లో గోడలు లేపి, క్యాబినెట్లు అమర్చాం. ఒక్కో వస్తువుకీ ఒక్కో చిన్న చిత్రాన్ని తొడుగులా వేశాం. షట్టర్లకు లేత ఆకుపచ్చ, పొడుగు అల్మారాకు టేకు గీతలు, వంటగట్టుకు నల్ల గ్రానైట్. తర్వాత సాఫ్ట్‌వేర్‌లోనే ఒక సూర్యుణ్ణి, కొన్ని లైట్లను పెట్టి, వెలుతురు ఎక్కడ పడుతుందో, ఎటు చెదురుతుందో లెక్క కట్టించాం. చివర్లో బొమ్మ స్పష్టంగా కనబడేందుకు కాస్త వెలుగు పెంచాం. ఇందులో కొలతలు నిజం, వెలుతురు మాత్రం మేం కల్పించినది.

తేడా మొదలయ్యేది అక్కడే. మీ వంటింటి కిటికీ యుటిలిటీలోకి తెరుచుకుంటుంది, దాని అవతల పక్క బ్లాకు గోడ. అక్కడికి నేరుగా ఎండ వచ్చే వేళంటూ లేదు. బొమ్మలో మాత్రం కిటికీలోంచి ఎండ ధారగా పడుతోంది. అలా పెట్టకపోతే అరలు, మూలలు చీకట్లో కలిసిపోయి, ఏది ఎక్కడుందో మీకు తెలియదు. అమరిక చూపించడానికి ఆ ఎండ పనికొచ్చింది, రంగు విషయంలో మాత్రం దాన్ని నమ్మకూడదు. మీకు నచ్చిన ఆ లేత ఆకుపచ్చలో బూడిద రంగు పాలు ఎక్కువ. ఎండ లేని గదిలో మధ్యాహ్నం అది దాదాపు బూడిద రంగులాగే కనబడవచ్చు. రాత్రి 3000 కెల్విన్ పసుపు లైటు వేస్తే కాస్త ఆలివ్ వైపు, 6500 కెల్విన్ తెల్ల లైటు వేస్తే నీలం వైపు మొగ్గుతుంది. లామినేట్ అదే, మారేది దాని మీద పడే వెలుతురు.

పైగా మీరు చూసింది ఫోన్‌లో. ఫోన్ తెర తనే వెలుగుతుంది, లామినేట్ మాత్రం తన మీద పడిన వెలుతురునే తిప్పి చూపిస్తుంది. అదే బొమ్మను మీ ఫోన్‌లోనూ, ఇంట్లోని లాప్‌టాప్‌లోనూ పక్కపక్కన పెట్టి చూడండి, రెండు ఆకుపచ్చలు కనబడతాయి. అందులో ఏది అసలుదని అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే రెండూ కావు.

మ్యాచింగ్ సంగతి ఇంకా సున్నితం. షాపు లైట్ల కింద చీరకు సరిగ్గా కలిసిన బ్లౌజు ముక్క బయట ఎండలో వేరే రంగుగా తేలడం మీకు తెలిసిందే. రెండింటి రంగుల్లో వాడిన దినుసులు వేరైతే, ఒక వెలుతురులో కలిసినవి ఇంకో వెలుతురులో విడిపోతాయి. షట్టరు మీది లామినేట్, దాని అంచుకు అంటించే ఎడ్జ్ బ్యాండ్, పక్క గోడకు వేసే పెయింట్, ఈ మూడూ వేర్వేరు చోట్ల తయారవుతాయి. బొమ్మలో మూడింటికీ ఒకే రంగు ఇచ్చాం కాబట్టి అతుకు కూడా కనబడలేదు. అసలు షట్టరుకు అంచు వెంట సన్నటి గీత ఉంటుంది, షట్టరుకూ షట్టరుకూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. అది పని లోపం కాదు, తలుపు తెరుచుకోవాలంటే ఆ సందు కావాలి.

టేకు గీతల గురించి మీరు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. మూడు సొరుగుల మీదుగా గీత తెగకుండా పోవడం సాఫ్ట్‌వేర్‌కు చిటికెలో పని. కార్పెంటరు అదే చేయాలంటే మూడు సొరుగుల ముఖాలనూ ఒకే షీటులోంచి, వరస తప్పకుండా కోయాలి. లామినేట్ షీటు 8 అడుగులు, 4 అడుగులు ఉంటుంది. వరసగా కోస్తే మిగిలే ముక్కలు ఎక్కువ, కొన్నిసార్లు అదనంగా ఇంకో షీటు కొనాల్సి వస్తుంది. మీకు ఆ గీత కావాలంటే చేయిస్తాను. కానీ కొటేషన్‌లో ఆ మాట రాసుకుందాం, ఎందుకంటే ఇప్పుడున్న లెక్క దానికి సరిపోదు.

గట్టు రాయి సంగతి వేరే. బొమ్మలో ఉన్నది బ్లాక్ గెలాక్సీ, మన ఒంగోలు దగ్గర చీమకుర్తి గనుల రాయి. నలుపు మీద బంగారు చుక్కలు దాని అందం. బొమ్మలో చుక్కలు ఎక్కడ చూసినా సమంగా ఉన్నాయి, కారణం ఒకే చిన్న చిత్రం పదేపదే పక్కపక్కన పేర్చుకుంటూ పోవడమే. నేలలోంచి వచ్చిన రాయిలో అలా ఉండదు. ఒక పలకలో చుక్కలు దట్టంగా ఉంటే ఇంకోదాంట్లో పలచగా, సన్నగా ఉంటాయి. అందుకే రాయిని బొమ్మలోగానీ, అరచేతంత ముక్కలోగానీ ఖాయం చేయకండి. యార్డుకు వెళదాం. నిలబెట్టిన పలకను తడిపి, అటూ ఇటూ నడిచి చూసి, మీ గట్టుకు కోయబోయే పలక మీదే గుర్తు పెట్టించుకుందాం.

అయితే "ఇది ఊహాచిత్రమే" అన్న మాటను అన్నిటికీ అడ్డం పెట్టుకునే హక్కు మాకు లేదు. సొరుగులు ఎన్ని, సింకు ఎక్కడ, చిమ్నీ ఎటు, పొడుగు అల్మారా ఎంత ఎత్తు, ఇవన్నీ బొమ్మలోనూ, కొలతల డ్రాయింగులోనూ ఒకేలా ఉండాలి. అవి మీకు చెప్పకుండా మారితే తప్పు మాది. మీరు చూసినది ఒక కంపెనీ సరుకై, పనిలోకి వేరే నాసిరకం వస్తే అది మోసమే, ఊహాచిత్రం అన్న సాకు దానికి చెల్లదు. రంగు, మెరుపు, గీత, రాయి, వీటిని మాత్రం కొటేషన్‌లో రాసిన కంపెనీ పేరు, షేడ్ నంబరు, ఫినిష్, మందంతోనూ, మీరు సంతకం చేసిన సాంపిల్ ముక్కతోనూ తేల్చుకోవాలి.

కాబట్టి ఈ శనివారం పొద్దున సాంపిల్స్ తీసుకొని మీ ఫ్లాట్‌కు వస్తాను. కేటలాగులో అతికించిన రెండంగుళాల ముక్కలు కాదు, కనీసం అడుగు చదరం ముక్కలు. వాటిని బల్ల మీద పరిచి చూడకండి. షట్టరు నిలువుగా ఉంటుంది కాబట్టి, అది రాబోయే చోటే గోడకు ఆనించి నిలబెట్టండి. పక్కనే టైలు, గ్రానైట్ ముక్క, పెయింట్ పూసిన అట్ట పెట్టండి. పొద్దున, మధ్యాహ్నం, మళ్లీ రాత్రి మీరు వాడబోయే లైటు వేసి చూడండి. వేలితో రుద్ది, నూనె మరక అంటించి, తుడిచి చూడండి. ముదురు మ్యాట్ ఫినిష్ మీద వేలిముద్రలు ఎంత పడతాయో ఏ బొమ్మా చెప్పదు.

అలా రెండు రోజులు చూశాక కూడా ఆ ఆకుపచ్చే నచ్చితే, ముక్క వెనక తేదీ వేసి సంతకం చేయండి. దాన్ని సగానికి కోయిస్తాను, ఒక సగం మీ దగ్గర, ఒకటి నా దగ్గర. షీట్లన్నీ ఒకే విడతలో, ఒకటి అదనంగా తెప్పిస్తాను. తర్వాత విడతలో అదే నంబరు తెచ్చినా రంగు కాస్త తేడా రావచ్చు. మీ సంతకం పడేదాకా ఒక్క షీటుకు కూడా ఆర్డరు ఇవ్వను.

ఇట్లు,
మీ ఇంటీరియర్ డిజైనర్