మందు మానిన మూడో రోజు జాగ్రత్త!

‘మా ఆయన మాల వేసుకున్నారు, ఇక చుక్క ముట్టరు’ అని కార్తీకమాసంలో ఎందరో ఇల్లాళ్లు గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. అప్పుడప్పుడూ తాగే మనిషి అయితే ఏ భయమూ లేదు. కానీ ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఉన్నపళంగా మానేస్తే, అది ప్రాణం మీదికి రావచ్చు. ప్రమాదం మానిన రోజున కాదు, ఆ తర్వాత రెండు మూడు రోజులకు వస్తుంది. అసలు చిక్కంతా అక్కడే!

ఎందుకిలా జరుగుతుంది? మద్యం మెదడును జోకొడుతుంది. రోజూ అలా జోకొడుతుంటే, మెలకువగా ఉండడం కోసం మెదడు తన వేగం పెంచుకుంటుంది. ఇద్దరు ఒకే తలుపును అటూ ఇటూ బలంగా తోస్తున్నారనుకోండి. ఒకరు చటుక్కున వదిలేస్తే రెండోవారు తూలి ముందుకు పడరూ? మద్యం ఆగిపోయినప్పుడు మెదడు పరిస్థితి అదే.

పదేళ్లుగా రోజుకు రెండు క్వార్టర్లు తాగే ఒకాయన సంగతి ఊహించుకుందాం. ఆదివారం రాత్రి పదింటికి ఆఖరిసారి తాగి, సోమవారం పొద్దున్నే స్నానం చేసి మాల వేసుకున్నాడు. అప్పటికే చేతులు వణుకుతున్నాయి, కాఫీ గ్లాసు నిలవడం లేదు. ఒళ్లంతా చెమట, వికారం, గుండెదడ. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. ఈ వణుకు సాధారణంగా ఆఖరి గుక్క తర్వాత ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలవుతుంది. చాలామందికి ఇంతటితోనే తగ్గిపోతుంది కూడా.

మంగళవారం పొద్దున ఆయనకు మూర్ఛ వచ్చింది. మద్యం మానిన మొదటి రెండు రోజుల్లోనే ఈ ఫిట్స్ వస్తాయి. ఇంట్లోవాళ్లు చేతిలో తాళాలగుత్తి పెట్టారు. రెండు నిమిషాల్లో తేరుకున్నాడు కదా అని ఊరుకున్నారు. నిజానికి ఆసుపత్రికి పరుగెత్తవలసిన సమయం అదే.

బుధవారం రాత్రి గోడనిండా చీమలు పాకుతున్నాయని దులపడం మొదలుపెట్టాడు. భార్యను గుర్తుపట్టలేదు, రాత్రో పగలో తెలియలేదు. ఒళ్లు కాలిపోతోంది, ఒకటే గింజుకోవడం. ‘గాలి సోకింది, తాయెత్తు కట్టించండి’ అన్నారు పక్కింటివాళ్లు. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఇది ఎక్కువగా మానిన రెండో రోజు చివరి నుంచి నాలుగో రోజు లోపు వస్తుంది. సకాలంలో వైద్యం అందితే చనిపోయేవారు నూటికి ఐదుగురిలోపే. అందకపోతే ఆ సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇది అరుదైన సంగతేమీ కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి బాధితులు పెద్దసంఖ్యలో వచ్చారు.

మరి ఆసుపత్రిలో ఏం చేస్తారు? డయాజెపామ్ వంటి మందుతో మెదడును శాంతపరచి, దాదాపు వారం రోజుల్లో మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తూ ఆపేస్తారు. కాలేయం చెడినవారికి మందు మారుస్తారు. అందుకే ఈ మాత్రలు మెడికల్ షాపులో కొని మీరే వేయకూడదు. పైగా ఆయన మళ్లీ తాగితే, ఆ రెండూ కలిసి ఊపిరే ఆగిపోవచ్చు. తాగేవారి ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది కనుక ముందుగా ఆ ఇంజెక్షన్ ఇస్తారు. నీరసంగా ఉన్నాడని అది లేకుండా ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. తడబడే నడక, అయోమయం, కళ్లు అదరడం దానికి గుర్తులు.

కాబట్టి మాల వేసుకోవాలన్నా, ఒట్టు పెట్టుకోవాలన్నా ముందు డాక్టరుకు చూపించండి. చూపించేదాకా మందు ఒక్కసారిగా ఆపించకండి. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ గానీ ఇలాంటి భ్రమ గానీ వచ్చిందా? అయితే ఆసుపత్రిలో చేర్పించే మాన్పించాలి, ఎందుకంటే మానిన ప్రతిసారీ అది ఇంకా తీవ్రంగా రావచ్చు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, 108కి ఫోన్ చేయండి. సలహా కావాలంటే 14416 టెలిమానస్ ఉంది, డబ్బు కట్టనక్కరలేదు.

ఇంకొక్క మాట. కాలు విరిగో, ఆపరేషన్ కోసమో ఆయన్ను ఆసుపత్రిలో చేర్పించినప్పుడు కూడా మందు ఆగిపోయినట్లే కదా! పరువు పోతుందని అలవాటు దాచకండి. రోజుకు ఎంత తాగుతారో, ఆఖరిసారి ఎప్పుడు తాగారో డాక్టరుకు మొదటి రోజే చెప్పేయండి. మూడో రోజు రాబోయే ముప్పును ఆయన ముందే ఆపగలుగుతారు.