20 సెకన్ల నవ్వు, 28 రోజుల రీచార్జి

2009 ఐపీఎల్ సమయంలో కోడిగుడ్డు తలల జూజూలు టీవీలో గెంతుతుంటే చాలామంది వాటిని కంప్యూటర్ బొమ్మలనుకున్నారు. నిజానికి అవి తెల్లటి దుస్తుల్లో దూరిన మనుషులు. వొడాఫోన్ కోసం ఓగిల్వీ సంస్థ అలాంటి చిన్న ప్రకటనలు దాదాపు 30 తయారుచేసింది. ఒక్కోదానిలో ఒకటే సేవ, దాని చుట్టూ ఒకటే చిలిపి సంఘటన. సేవను తీసేస్తే నవ్వుకు పనేలేదు. కొత్తవి వస్తూనే ఉండటంతో జోకు పాతబడలేదు కూడా.

ఇప్పుడు మన చేతిలో ఒక చవక ప్లాను ఉందనుకుందాం: 28 రోజులు, ఎన్ని కాల్సయినా చేసుకోవచ్చు, డేటా మాత్రం కొంచెమే. దానికి 20 సెకన్ల ప్రకటన రాయాలి. ముందుగా తట్టేది మిస్డ్ కాల్ జోకు. ఒకతను ఒక్క రింగిచ్చి పెట్టేస్తాడు, స్నేహితులు "బ్యాలెన్స్ లేదా బాబూ?" అని పగలబడి నవ్వుతారు, అతను రీచార్జి చేయించుకుంటాడు. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ ప్లాను కొనాల్సింది ఆ ఒకతనే. జేబు చూసుకుని ఖర్చుపెట్టేవాడిని నలుగురిలో నవ్వులపాలు చేసి, ఆ వెంటనే ధర చెబితే అతనికి ఆ ధర కూడా వెక్కిరింతలాగే వినిపిస్తుంది.

ఇంకోలా రాద్దాం. పెద్దావిడ చెల్లెలితో ఫోనులో "సరేనే, ఉంటాను మరి" అంటుంది. మనవడు బ్యాగుతో బడికి వెళ్తాడు. "ఇక ఉంటానే..." మనవడు తిరిగొచ్చేస్తాడు. "ఉంటాను, అన్నట్టు ఆ పెళ్లి సంబంధం ఏమైంది?" ఇక్కడ ఎవరి పేదరికమూ నవ్వు కాలేదు. కాల్స్‌కు లెక్క లేదన్న మాటే నవ్వయింది. అలాంటి పెద్దమ్మ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది (మా ఇంట్లో ఇద్దరు).

అయితే చివరి ఐదారు సెకన్లు జోకుకు ఇవ్వకూడదు. నవ్వుతున్న మనిషికి అంకెలు వినపడవు. పెళ్లి సంబంధం మాట పడ్డాక చిన్న విరామం, తర్వాతే ధర, రోజులు.

రోజుల దగ్గర మరీ జాగ్రత్త. "నెలంతా కబుర్లే" అని రాసి, కింద చీమతలకాయంత అక్షరాల్లో 28 రోజులని వేస్తే, జనానికి అది అసలు మంటపెట్టే చోటు. 28 రోజుల లెక్కన ఏడాదికి 12 కాదు, 13 రీచార్జులు. ఈ ఫిర్యాదుల మీదే ట్రాయ్ 2022లో, ప్రతి కంపెనీ కనీసం ఒక్కటైనా 30 రోజుల ప్లాను ఇవ్వాలని ఆదేశించింది. అందుకే పెద్దావిడ చేతనే "ఇరవై ఎనిమిది రోజులేనే" అని నేరుగా అనిపించడం మేలు.

ప్రకటన పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి, చూసినవాళ్లను మర్నాడు రెండే ప్రశ్నలు అడగాలి: కంపెనీ ఏది, ధర ఎంత? పెద్దావిడ మాటలన్నీ అప్పజెప్పి, కంపెనీ పేరు దగ్గర పోటీవాళ్ల పేరు చెబుతున్నారంటే, మన డబ్బుతో వాళ్ల సిమ్ములు అమ్ముతున్నామన్నమాట. అప్పుడు జోకు ఎంత ముద్దొచ్చినా సరే, దాన్ని కత్తిరించి కంపెనీ పేరును ముందుకు తేవాల్సిందే.