ముగ్గురిలో అసలు పాత్ర ఎవరిది?

వీధిలో ఒక జంట నడుస్తోంది. గళ్ల చొక్కా యువకుడు తల వెనక్కి తిప్పి, తమను దాటి వెళ్లిన ఎర్ర డ్రెస్సు అమ్మాయిని ఈల వేయబోతున్నట్టు పెదాలు చుట్టి చూస్తున్నాడు. పక్కనే ఉన్న అతని ప్రియురాలు నమ్మలేనట్టు నోరు తెరిచి, కోపంగా అతణ్ని చూస్తోంది. ఈ ముగ్గురి మీద మూడు పేర్లు రాస్తే అది మీమ్ అవుతుంది. దీన్ని ‘డిస్ట్రాక్టెడ్ బాయ్‌ఫ్రెండ్’ అంటారు.

ఈ ఫొటోను స్పెయిన్‌లోని జిరోనా నగరంలో 2015లో ఆంటోనియో గిల్లెమ్ తీశారు. ప్రకటనలకూ పత్రికలకూ అమ్మే స్టాక్ ఫొటో ఇది. ముగ్గురూ మోడళ్లే. 2017 జనవరిలో టర్కీకి చెందిన ఒక ఫేస్‌బుక్ గ్రూపు దీన్ని సంగీతం గురించిన జోక్‌కి వాడుకుంది. యువకుడు గాయకుడు ఫిల్ కాలిన్స్, ప్రియురాలు ఆయన మొదట్లో వాయించిన ప్రోగ్రెసివ్ రాక్, ఎర్ర డ్రెస్సు అమ్మాయి పాప్ సంగీతం. ఆ ఏడాది ఆగస్టుకల్లా బొమ్మ ప్రపంచమంతా పాకింది. అప్పుడు జోరుగా తిరిగిన ఒక ట్వీట్‌లో యువకుడి మీద ‘యువత’ అనీ, ప్రియురాలి మీద ‘పెట్టుబడిదారీ విధానం’ అనీ, ఎర్ర డ్రెస్సు మీద ‘సోషలిజం’ అనీ ఉంది.

విషయం ఏదైనా మూడు స్థానాల అర్థం మారదు. మధ్యలోని యువకుడు మనసు ఊగిసలాడే మనిషి, లేదా సమూహం. ఎర్ర డ్రెస్సు కొత్త ఆకర్షణ. ఆమెకు ఇతని సంగతే తెలియదు, ఏమీ అడగలేదు, తన దారిన తాను పోతోంది. ఫొటోలో కూడా ఆమె ముఖం మసకగానే ఉంటుంది. కొత్తదాని గురించి అతనికీ అంతకంటే ఎక్కువ తెలియదు. ఇక ప్రియురాలు అంటే అతను మాట ఇచ్చినది, అతని సమయం మీద ఇప్పటికే హక్కున్నది.

నన్నడిగితే, మీమ్‌ని నిలబెట్టేది ఈ మూడో పాత్రే. పరీక్ష ముందు రోజు రాత్రి ఒక విద్యార్థిని ఊహించండి. యువకుడు ‘నేను’, ప్రియురాలు ‘రేపటి లెక్కల పరీక్ష’, ఎర్ర డ్రెస్సు ‘పదిసార్లు చూసిన పాత సినిమా’. చూడగానే నవ్వొస్తుంది. ప్రియురాలిని వేలితో మూసేసి మళ్లీ చూడండి. ‘నాకు పాత సినిమా ఇష్టం’ అన్న మాటే మిగులుతుంది. అందులో నవ్వేమీ లేదు. ఆ కోపం కనబడితేనే ఇష్టం కాస్తా తప్పు అవుతుంది.

మీమ్ ఎక్కడ చెడుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ప్రియురాలి మీద ‘పాత ఫోన్’ అనీ, ఎర్ర డ్రెస్సు మీద ‘కొత్త ఫోన్’ అనీ రాస్తే బొమ్మ చప్పబడిపోతుంది. పాత ఫోన్‌కి మనం ఏ మాటా ఇవ్వలేదు, దానికి కోపం వచ్చే హక్కు లేదు. అదే చోట ‘ఇంకా తీరని పాత ఫోన్ ఈఎంఐలు’ అని రాయండి, వెంటనే ప్రాణం వస్తుంది.

నవ్వు ఎవరి మీద అన్నది కూడా ముఖ్యం. ఈ మీమ్‌లో మనం నవ్వేది యువకుణ్ని చూసి. చాలామంది అతని మీద ‘నేను’ అని రాసుకునేది తమ బలహీనతను ఒప్పుకోవడానికే. ఈ సంగతి మరిచిపోతే ఏమవుతుందో స్వీడన్‌లో తేలింది. 2018లో బాన్‌హోఫ్ అనే ఇంటర్నెట్ సంస్థ ఉద్యోగ ప్రకటనకు ఈ ఫొటోనే వాడింది. యువకుడు ‘మీరు’, ప్రియురాలు ‘మీ ప్రస్తుత ఉద్యోగం’, ఎర్ర డ్రెస్సు బాన్‌హోఫ్. ఫిర్యాదులు వెళ్లాయి. పురుషుణ్ని వ్యక్తిగా, స్త్రీలను ఒకరి బదులు ఒకరిని తెచ్చుకోగల వస్తువులుగా చూపారని, ఇది లింగ వివక్షేనని అక్కడి ప్రకటనల అంబుడ్స్‌మన్ తేల్చింది. అది ప్రకటనల రంగం తానే పెట్టుకున్న సంస్థ కనుక జరిమానా వేసే అధికారం లేదు.

బొమ్మ అదే, పేర్ల వరుసా అదే. కానీ మీమ్ ‘చూడండి, ఎంత తప్పు చేస్తున్నాడో’ అంటుంది. ప్రకటన ‘మీరూ అలాగే చేయండి’ అంది. యువకుడి తప్పును సలహాగా మార్చగానే ప్రియురాలి కోపానికి విలువ లేకుండా పోయింది. చివరికి ఇద్దరు స్త్రీలు, ఒక ఎంపిక మాత్రమే మిగిలాయి. అందుకే ఈ బొమ్మ మీద పేర్లు రాసేవాళ్లు ముందుగా ప్రియురాలి పేరు ఖాయం చేసుకోవాలి. ఆమె కోపం న్యాయమైనదని చూసేవాళ్లకు అనిపిస్తే, మిగతా రెండు పేర్లూ వాటంతటవే కుదురుతాయి.