ఒకరు 3, ఇంకొకరు 13: ప్లానింగ్ పోకర్‌లో పేచీ తేలేదెలా?

సాఫ్ట్‌వేర్ టీమ్‌లో "ఈ పనికి ఎంత పడుతుంది?" అని అడిగితే ముందు నోరు విప్పేది సీనియరే. ఆయన "రెండ్రోజులు" అన్నాక, వారం పడుతుందనుకున్న కుర్రాడు కూడా మూడ్రోజుల దగ్గర ఆగిపోతాడు. మొదట చెవినపడిన అంకె తర్వాతి అంచనాలను తనవైపు లాగేస్తుందని మనస్తత్వవేత్తలు ట్వెర్‌స్కీ, కానమన్ 1974లోనే చూపించారు. దీనికి విరుగుడుగా 2002లో జేమ్స్ గ్రెనింగ్ ఒక పద్ధతి రాశారు: అంకె ఎవరూ పైకి చెప్పకూడదు, కార్డు మీద పెట్టి అందరూ ఒకేసారి చూపించాలి. అదే ప్లానింగ్ పోకర్. మైక్ కోన్ 2005లో తెచ్చిన పుస్తకంతో అది బాగా ప్రచారమైంది.

కార్డుల మీద సాధారణంగా 1, 2, 3, 5, 8, 13, 20, 40, 100 ఉంటాయి. పని పెద్దదయ్యేకొద్దీ అంచనాలో కచ్చితత్వం తగ్గుతుంది కాబట్టే అంకెల మధ్య దూరమూ పెరుగుతుంది. 13కూ 14కూ తేడా ఎవరూ చెప్పలేరు. 8కీ 13కీ చెప్పగలరు. ఇవి రోజులు కావు, పని పరిమాణాన్ని పోల్చి చెప్పే పాయింట్లు. కొత్త టీమ్‌కు పాత లెక్కలుండవు కనుక, అందరికీ బాగా అర్థమైన చిన్న పని ఒకటి ముందుగా ఎంచుకుని దానికి 2 అని పేరుపెట్టాలి. మిగతావన్నీ దానితో పోల్చినవే.

మందులు అమ్మే యాప్ తయారుచేస్తున్న ఐదుగురి టీమ్‌ను ఉదాహరణకు తీసుకుందాం. ప్రొఫైల్‌లో చిరునామా మార్చుకునే సదుపాయం వాళ్ల 2. ఇప్పుడు చర్చకొచ్చిన స్టోరీ: "ఆర్డర్ రద్దు చేసుకున్న కస్టమర్‌కు డబ్బు వాపసు వెళ్లాలి." ప్రాడక్ట్ ఓనర్ వివరించారు, సందేహాలు తీర్చారు, ఆవిడకు ఓటు లేదు. కార్డులు తిప్పితే 3, 5, 5, 5, 13.

ఇక్కడ కొత్త టీమ్‌లు చేసే మొదటి పొరపాటు సగటు తీయడం. కూడి ఐదుతో భాగిస్తే 6.2 వస్తుంది, ఎవరి మనసులోనూ లేని అంకె అది. "మెజారిటీ 5 కదా, రాసేద్దాం" అనడమూ అంతే. 13 వేసిన మనిషికి తెలిసిందేమిటో ఎవరికీ తెలియకుండానే పోతుంది. అందుకే నిర్వాహకుడు ముందుగా రెండు కొసలవాళ్లనే మాట్లాడమంటాడు.

"పేమెంట్ గేట్‌వేలో రీఫండ్ ఏపీఐ ఉంది కదండీ, మనం కాల్ చేస్తే చాలు," అన్నాడు 3 వేసిన డెవలపర్.

"నాలుగు మందుల్లో ఒక్కటే రద్దు చేస్తేనో? కూపన్ వాడి ఉంటే ఎంత వెనక్కివ్వాలి? సగం వాలెట్లోంచి, సగం యూపీఐలో కట్టి ఉంటే?" అంది 13 వేసిన టెస్టర్.

వాళ్లిద్దరూ లెక్కగట్టింది ఒకే పనిని కాదు. అంచనాల్లో పెద్ద తేడా వచ్చినప్పుడు తరచూ కారణం ఇదే. ఇలాంటప్పుడు వాదించుకుని లాభం లేదు, స్టోరీ హద్దులు గీయాలి. కొంత మాత్రమే రద్దు చేయడం ఈ విడతలో అక్కర్లేదని ప్రాడక్ట్ ఓనర్ తేల్చారు. అది విడి స్టోరీ అయింది. కూపన్ లెక్క ఎవరికీ తెలియదు. తెలియనిదానికి అంకె వేయకుండా, ఒకరు ఒక్కరోజు కూర్చుని తెలుసుకొచ్చేలా 'స్పైక్' పెట్టి, ఆ భాగాన్నీ పక్కకు తీశారు. మిగిలింది కూపన్ లేని ఆర్డర్ పూర్తిగా రద్దవడం. రెండో విడతలో 5, 5, 5, 5, 8. ఎనిమిది వేసిన టెస్టర్ భయం ఒకటే: గేట్‌వే జవాబు రాక మళ్లీ పంపితే డబ్బు రెండుసార్లు వెళ్లవచ్చు. ఆ పరీక్షను స్టోరీలోనే చేర్చాక మూడోసారి అందరూ 8కి వచ్చారు.

అయితే అంకెలు కలవగానే ఏకాభిప్రాయం కుదిరినట్టు కాదు. రెండో విడతలో అందరూ సీనియర్ అంకెకే జరిగి, కొత్త సంగతి ఒక్కటీ బయటపడకపోతే అది మొహమాటమే. "ఏం విని మార్చుకున్నారు?" అని నిర్వాహకుడు అడిగితే తెలిసిపోతుంది.

ఇంకో రకం పేచీ ఉంది. "నాకైతే పూటలో అయిపోతుంది, వాడికైతే వారం." ఇద్దరికీ పని ఒకేలా అర్థమైంది, మారుతున్నది చేసే చెయ్యి. అప్పుడు మళ్లీ చిరునామా స్టోరీతో పోల్చి, దానికి ఎన్నింతలో అడగాలి. దానికి సీనియర్, జూనియర్ చెప్పే జవాబులు దగ్గరగానే వస్తాయి. మూడు విడతలైనా 5, 8 మధ్యే ఊగుతుంటే చాలా టీమ్‌లు పెద్దది రాసుకుని తర్వాతి స్టోరీకి వెళ్తాయి. అప్పటికీ 3, 13 అలాగే నిలబడితే మాత్రం ఆ స్టోరీని స్ప్రింట్‌లోకి తీసుకోకుండా, విడగొట్టి తెమ్మని ప్రాడక్ట్ ఓనర్‌కు తిప్పి పంపుతాయి.