తరుగుదల పద్ధతి – నికర ప్రస్తుత విలువ: విశాఖపట్నంలో ఒక యంత్రం కొనుగోలు ఆధారంగా పరిశీలన

తరుగుదల నగదు వ్యయం కాదు. యంత్రం కొన్న రోజునే డబ్బు సంస్థ చేతి నుండి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఏటా పుస్తకాలలో రాసే తరుగుదల వల్ల ఒక్క రూపాయి కూడా బయటకు పోదు. అయినప్పటికీ తరుగుదల పద్ధతి మారితే కొనుగోలు నికర ప్రస్తుత విలువ (ఎన్.పి.వి.) మారుతుంది. దీనికి కారణం పన్ను. తరుగుదల పన్ను విధించదగిన లాభాన్ని తగ్గిస్తుంది, ఆ మేరకు పన్ను రూపంలో పోవలసిన నగదు సంస్థ వద్దే మిగులుతుంది. ఏ పద్ధతిలోనైనా ఈ ఆదా మొత్తం దాదాపు ఒక్కటే. అది ఏ సంవత్సరంలో చేతికి వస్తుందన్నదే తేడా.

ఇక్కడ రెండు రకాల తరుగుదలలను వేరుచేసి చూడాలి. కంపెనీల చట్టం, 2013లోని రెండవ షెడ్యూలు ఆస్తుల ఉపయోగకాలాన్ని సూచిస్తుంది. సాధారణ యంత్రాలకు అది 15 సంవత్సరాలు. దీని ఆధారంగా చాలా కంపెనీలు తమ పుస్తకాలలో స్థిర వాయిదాల పద్ధతిని, అనగా సరళరేఖా పద్ధతిని పాటిస్తాయి. ఆదాయపు పన్ను చట్టం, 1961 మాత్రం 32వ సెక్షన్ కింద సాధారణ యంత్రాలకు ఏటా మిగిలిన విలువపై 15 శాతం చొప్పున తగ్గుతున్న నిల్వల పద్ధతిని అనుసరించింది. నగదు ప్రవాహాన్ని మార్చేది ఈ రెండవ లెక్కే. వాటాదారులకు చూపే లాభనష్టాల ఖాతాలోని తరుగుదలను తీసుకొని ఎన్.పి.వి. కట్టడం విద్యార్థుల అభ్యాసాలలోనే కాక ప్రాజెక్టు నివేదికలలోనూ కనిపించే పొరపాటు.

ఉదాహరణగా రూ. 1,000 లక్షల ఖరీదైన ఒక యంత్రాన్ని ఊహిద్దాం. అది 15 సంవత్సరాల పాటు ఏటా రూ. 178 లక్షల నిర్వహణ వ్యయాన్ని ఆదా చేస్తుంది. డిస్కౌంటు రేటు 12 శాతం, పన్ను రేటు సర్‌చార్జి, సెస్సు మినహా 30 శాతం, ప్రవాహాలన్నీ సంవత్సరాంతంలో వస్తాయనుకుందాం. పన్ను పోగా మిగిలే వార్షిక ఆదా 124.6 లక్షలు, దీని ప్రస్తుత విలువ సుమారు 849 లక్షలు. తరుగుదల ప్రసక్తి లేకుండా చూస్తే ఈ కొనుగోలు 151 లక్షల నష్టం. ఆ లోటును తరుగుదల వల్ల కలిగే పన్ను ఆదా పూడ్చాలి.

పన్ను చట్టం స్థిర వాయిదాలనే అనుమతించి ఉంటే ఏటా తరుగుదల 66.67 లక్షలు, పన్ను ఆదా 20 లక్షలు. పదిహేనేళ్ళకు దీని ప్రస్తుత విలువ 136 లక్షలు. అప్పుడు ఎన్.పి.వి. రుణాత్మకం, సుమారు −15 లక్షలు. 15 శాతం తగ్గుతున్న నిల్వల పద్ధతిలో మొదటి సంవత్సరం తరుగుదల 150 లక్షలు, రెండవ సంవత్సరం 127.5 లక్షలు, ఆపై క్రమంగా తగ్గుతుంది. ఇటువంటి శ్రేణికి ప్రస్తుత విలువను ఒక చిన్న సూత్రంతో కట్టవచ్చు:

PV = C × t × d / (d + r)

ఇందులో C ఖరీదు, t పన్ను రేటు, d తరుగుదల రేటు, r డిస్కౌంటు రేటు. దీని ప్రకారం పన్ను ఆదా 167 లక్షలు, ఎన్.పి.వి. +15 లక్షలు. యంత్రం మారలేదు, దాని పనితనం మారలేదు, కానీ నిర్ణయం తారుమారైంది. ఈ సూత్రం శ్రేణిని అనంతంగా సాగదీస్తుంది కనుక పదిహేనేళ్ళ తర్వాతి మాటేమిటన్న సందేహం కలుగవచ్చు. అప్పటికి మిగిలే విలువ 87 లక్షలు. భారతీయ చట్టంలో తరుగుదల విడి ఆస్తిపై కాక ఆస్తుల సముదాయంపై లెక్కిస్తారు కాబట్టి, ఆ సముదాయంలో ఇతర యంత్రాలున్నంత కాలం ఈ శేషంపై కూడా తరుగుదల కొనసాగుతుంది. ఆ తోక భాగం ప్రస్తుత విలువ మూడు లక్షలలోపే.

విశాఖపట్నం విషయంలో ఈ లెక్క మరింత ఆసక్తికరమైనది. ఉత్పత్తి సంస్థలు కొనే కొత్త యంత్రాలకు చట్టం మొదటి సంవత్సరంలో 20 శాతం అదనపు తరుగుదలను అనుమతించింది. రాష్ట్ర విభజన అనంతరం, 2015 ఏప్రిల్ 1 తర్వాత నోటిఫై చేసిన వెనుకబడిన ప్రాంతాలలో స్థాపించిన కొత్త ఉత్పత్తి సంస్థలకు, 2020 మార్చి 31 వరకు నెలకొల్పిన యంత్రాలపై దానిని 35 శాతానికి పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో నోటిఫై అయిన ఏడు జిల్లాలు రాయలసీమ నాలుగు, ఉత్తరాంధ్ర మూడు. ఉక్కు కర్మాగారమూ ఓడరేవూ ఉన్న విశాఖపట్నం కూడా ఈ జాబితాలో చేరడం గమనార్హం.

దీని వల్ల ఆ సంవత్సరాలలో ఒకే నగరంలో ఒకే ఖరీదు గల యంత్రానికి మూడు రకాల విలువలు ఏర్పడ్డాయి. ఓడరేవులో సరుకు ఎత్తిదింపే సంస్థ క్రేన్ కొంటే, అది సేవయే తప్ప వస్తూత్పత్తి కాదు కనుక అదనపు తరుగుదల వర్తించదు, ఎన్.పి.వి. +15 లక్షలే. 2015కు ముందే ఉన్న ఉక్కు కర్మాగారం తన మిల్లులో క్రేన్ మారిస్తే 20 శాతం అదనంగా లభిస్తుంది. మొదటి సంవత్సరం తరుగుదల 350 లక్షలు, పన్ను ఆదా విలువ 190 లక్షలు, ఎన్.పి.వి. +39 లక్షలు. 2015 తర్వాత కొత్తగా వెలసిన రోలింగ్ మిల్లుకు మొదటి ఏడే 500 లక్షల తరుగుదల; ఎన్.పి.వి. +57 లక్షలు. పాత కర్మాగారానికి కూడా 35 శాతమే వర్తిస్తుందని భావించి లెక్క కట్టినవారు 18 లక్షల లేని విలువను చూపినట్లే.

యంత్రాన్ని వాడుకలోకి తెచ్చిన తేదీ కూడా ముఖ్యం. ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడు సాధారణ, అదనపు తరుగుదలలు రెండూ సగమే లభిస్తాయి. అదనపు తరుగుదలలో మిగిలిన సగం మరుసటి ఏడు వస్తుంది. అందువల్ల అక్టోబరు మొదటి వారం దాటితే కొత్త మిల్లు పన్ను ఆదా 208 లక్షల నుండి 197 లక్షలకు పడిపోతుంది. క్రేన్ ఓడ నుండి దిగిన తేదీ కాదు, పనిలో పెట్టిన తేదీయే ఇక్కడ ప్రమాణం.

అయితే పై లెక్కలన్నీ సంస్థకు పన్ను విధించదగిన లాభం ఉందన్న ఊహపై నిలబడి ఉన్నాయి. ఉక్కు పరిశ్రమలో ఈ ఊహ తేలికగా చేయదగినది కాదు. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ 2015-16 నుండి వరుసగా మూడేళ్ళు నష్టాలు ప్రకటించింది. అవి పుస్తకాలలోని నష్టాలు. పన్ను లెక్కలో నష్టం వేరుగా ఉండవచ్చు. కానీ అటువంటి స్థితిలో ఉన్న ఏ సంస్థకైనా తరుగుదల తక్షణ నగదుగా మారదు. చట్టం సర్దుబాటు కాని తరుగుదలను కాలపరిమితి లేకుండా ముందుకు తీసుకుపోనిస్తుంది, కానీ ఆ నిరీక్షణకు వడ్డీ ఇవ్వదు.

పై ఉదాహరణలోని పాత కర్మాగారానికి మొదటి మూడేళ్ళు లాభం లేక, పేరుకున్న తరుగుదల అంతా నాల్గవ ఏట ఒక్కసారిగా సర్దుబాటు అయిందనుకుందాం. పన్ను ఆదా విలువ 190 లక్షల నుండి 157 లక్షలకు తగ్గుతుంది. అదే స్థితిలో స్థిర వాయిదాల పద్ధతి విలువ 136 నుండి 126కు మాత్రమే తగ్గుతుంది. రెండు పద్ధతుల మధ్య 54 లక్షలుగా ఉన్న అంతరం సుమారు 31 లక్షలకు కుదించుకుపోతుంది. త్వరిత తరుగుదల బలమంతా తొలి సంవత్సరాలలో ఉండటం వల్ల, తొలి సంవత్సరాల నష్టం దానినే ఎక్కువగా దెబ్బతీస్తుంది. ప్రోత్సాహకం అత్యవసరమైన సంస్థకే అది తక్కువగా అందడం ఈ విధానంలోని లోపంగానే పరిగణించాలి.

కనిష్ఠ ప్రత్యామ్నాయ పన్ను (మ్యాట్) వర్తించే కంపెనీల విషయంలో మరొక మెలిక ఉంది. ఆ పన్నును పుస్తక లాభంపై విధిస్తారు. పుస్తక లాభం లెక్కలో పుస్తకాలలోని తరుగుదలనే తీసివేస్తారు. కనుక మొదట పక్కన పెట్టిన స్థిర వాయిదాల తరుగుదల ఇక్కడ మళ్ళీ నగదు ప్రవాహంలోకి ప్రవేశిస్తుంది. ఆదాయపు పన్ను చట్టం, 1961 కింద మ్యాట్‌గా ఎక్కువ కట్టినది తర్వాతి సంవత్సరాలలో క్రెడిట్‌గా వాడుకునే వీలుండేది గానీ, ఈ లోగా కాలం గడిచిపోయేది. ఇటువంటి కంపెనీకి ఎన్.పి.వి. కట్టేటప్పుడు రెండు తరుగుదల పట్టికలను పక్కపక్కన ఉంచి, ఏటా సాధారణ పన్ను, మ్యాట్‌లలో ఏది ఎక్కువో చూసి, ఆ మొత్తాన్నే ఆ సంవత్సరపు నగదు వ్యయంగా తీసుకోవాలి.