అతికించిన ముఖం, తప్పిన చూపు

పదిహేను మంది నిలబడ్డ పెళ్లి గ్రూప్ ఫోటోలో ఎవరో ఒకరు రెప్ప వేయక మానరు. నేను ఆల్బమ్ చేసిన ఒక పెళ్లిలో, అందరూ చక్కగా వచ్చిన ఫ్రేములో పెళ్లికూతురి నాన్నగారి కళ్లు మూసుకున్నాయి. కాసేపటి తర్వాత తీసిన మరో ఫ్రేములో ఆయన ముఖం బాగుంది. కనుబొమల నుంచి గడ్డం దాకా దాన్ని తెచ్చి అతికించాను. రంగు కలిసింది, అంచులు కలిశాయి. అయినా ఫోటోలో ఆయన ఒక్కరే అక్కడ లేనట్టు కనిపించారు.

కళ్లు మాత్రమే తెచ్చి ఉండొచ్చు కదా అనిపిస్తుంది. అందులో ఒక చిక్కు ఉంది. 1824లో విలియం హైడ్ వొలాస్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త చిత్రాలతో దాన్ని చూపించాడు. గీసిన కళ్లను అలాగే ఉంచి, చుట్టూ ఉన్న ముఖాన్ని వేరే వైపు తిప్పి గీస్తే, అవే కళ్లు వేరే చోటికి చూస్తున్నట్టు ఉంటాయి. చూపును మనం కంటిని బట్టే కాదు, ముక్కు ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి కూడా చదువుతాం. అందుకే ముఖం మొత్తం తెచ్చాను.

తప్పు రెండు చోట్ల ఉంది. రెండో ఫ్రేములో ఆయన ముఖం మా కెమెరా వైపే ఉన్నా, కళ్లు పక్కనున్న వీడియో కెమెరాను చూస్తున్నాయి. కళ్లలోని మెరుపు, అంటే మేం క్యాచ్‌లైట్ అనేది, కుడివైపు గడియారంలో రెండు గంటల దగ్గర చిన్న పలకలా ఉంది. అది వీడియో లైటు. పక్కన నిలబడ్డ ఆయన భార్య కళ్లలో మాత్రం ఎడమవైపు పది గంటల దగ్గర గుండ్రంగా ఉంది. అది మా అంబ్రెల్లా లైటు. మండపం నిండా వెలుతురు ఉండడంతో చర్మం మీద ఈ తేడా దాదాపు తెలియలేదు. కంటి ముందుభాగమైన కార్నియా మాత్రం తడిసిన గుండ్రటి అద్దం లాంటిది. లైటు ఎక్కడుందో, ఏ ఆకారంలో ఉందో దాచలేదు. హనీ ఫరీద్ లాంటి పరిశోధకులు ఫోటోల్లో అతుకుల్ని పట్టుకోవడానికి ఈ మెరుపునే ఆధారం చేసుకున్నారు.

ముందు చూపు సరిచేశాను. మనిషి నల్లగుడ్డు వెడల్పు దాదాపు 12 మిల్లీమీటర్లు. ఈ ఫోటోలో అది 40 పిక్సెళ్లు వచ్చింది. నల్లగుడ్డు ఒక మిల్లీమీటరు జరిగితే చూపు ఐదారు డిగ్రీలు తిరుగుతుంది. వీడియో కెమెరా మాకు పన్నెండు డిగ్రీల పక్కన ఉంది కాబట్టి రెండు మిల్లీమీటర్లు, అంటే ఏడు పిక్సెళ్లు ఎడమకు జరపాలి.

మొదట పాత మెరుపును నల్లగుడ్డు రంగుతోనే కప్పేశాను. తర్వాత రెండు నల్లగుడ్లనూ వేరే లేయర్ మీదికి తీసి, కింద ఖాళీ అయిన చోటును తెల్లగుడ్డుతో నింపి, రెండింటినీ ఒకే కొలతలో జరిపాను. రెప్పల ఆకారంలో మాస్క్ వేసి, పైరెప్ప నీడను నల్లగుడ్డు మీద మళ్లీ పరిచాను. ఆ నీడ మర్చిపోతే కన్ను ఉలిక్కిపడ్డట్టు ఉంటుంది.

మెరుపును ఆఖరున పెట్టాలి. చాలామంది దాన్ని నల్లగుడ్డుతో కలిపి లాగేస్తారు. అది తప్పు. మెరుపు నల్లగుడ్డుకు అంటుకున్న మచ్చ కాదు, కార్నియా మీది ప్రతిబింబం. లైటు, కెమెరా కదలకుండా కన్ను మాత్రమే తిరిగితే, కనుపాప జరిగినంతలో మెరుపు సుమారు సగమే జరుగుతుంది. చూపు ఎటుందో కొలిచే యంత్రాలు కూడా ఈ రెంటి మధ్య తేడానే చూస్తాయి. నాకు లెక్క అక్కర్లేకపోయింది. ఆయన భార్య కెమెరా వైపే చూస్తున్నారు, తల కూడా అదే కోణంలో ఉంది. ఆమె కళ్లలో మెరుపు కనుపాపకు ఎంత దూరంలో ఉందో, ఎంత వెడల్పో, ఎంత తెలుపో చూసి, రెండు కళ్లలోనూ పది గంటల దగ్గరే పెట్టాను. స్వచ్ఛమైన తెలుపు వేయలేదు. ఆమె కంట్లోని రంగునే తీసుకున్నాను.

సరిపోయిందో లేదో దగ్గరకు లాగి చూస్తే తెలియదు. ఆల్బమ్ సైజుకు తగ్గించి, ఒకసారి ఫోటోను అద్దంలోలా తిప్పి చూస్తాను. ఎవరి ముఖం దగ్గర కన్ను ఆగిపోతే అక్కడే లోపం.

ఈ పద్ధతి కొంతదాకే పనికొస్తుంది. నల్లగుడ్డు వెడల్పులో పావువంతు మించి జరిపితే రెప్పల ఆకారం ఒప్పుకోదు. కిందికి చూసే కళ్లను పైకి లేపడం ఇంకా కష్టం, ఎందుకంటే చూపుతో పాటు పైరెప్ప కూడా దిగి ఉంటుంది. ఇక కళ్లజోడు ఉంటే లైటు అద్దాల మీద కూడా పడుతుంది. అప్పుడు నేను ముఖం అతికించను, ఆయన కళ్లు తెరిచి ఉన్న గ్రూప్ ఫ్రేము కోసమే వెతుకుతాను.